ఫొటో తీసి సరిచూసుకుంటే కాపీ కొట్టినట్టేనా? హెర్న్‌డన్ నుంచి ఓ తల్లికి ట్యూటర్ ఉత్తరం

వర్జీనియాలో 2025 జూలై 1 నుంచి ప్రభుత్వ బడుల్లో మొదటి గంట మొదలు చివరి గంట దాకా పిల్లలు సెల్‌ఫోన్ వాడకూడదన్న చట్టం అమల్లోకి వచ్చింది. అంతకు కొద్ది వారాల ముందే, చైనాలో కాలేజీ ప్రవేశ పరీక్ష గావోకావో జరిగిన రోజుల్లో అక్కడి పెద్ద ఏఐ కంపెనీలు ప్రశ్నను ఫొటో తీస్తే జవాబు చెప్పే సదుపాయాన్ని తాత్కాలికంగా ఆపేశాయి. బడిలోనూ పరీక్ష హాల్లోనూ ఫోన్ సంగతి అలా ఎవరో ఒకరు తేల్చేస్తున్నారు. సాయంత్రం ఏడింటికి మన డైనింగ్ టేబుల్ మీద హోంవర్క్ పరుచుకున్న పిల్లల చేతిలో ఫోన్ సంగతి మాత్రం మనమే తేల్చుకోవాలి.

హెర్న్‌డన్‌లో హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. గత నెల ఒక తల్లి నాకు రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టారు. ఆవిడకు నేను రాసిన జవాబు ఇది. ఇదే ప్రశ్న అప్పటికే ఇంకో నలుగురు అడిగి ఉండటంతో, ఆవిడ అనుమతితో, ఆనవాళ్లు తీసేసి ఇక్కడ ఇస్తున్నాను.

అమ్మా, నమస్తే.

మీ మెసేజ్ రాత్రే చూశాను. తొందరపడి రెండు ముక్కల్లో జవాబివ్వడం ఇష్టంలేక పొద్దున రాస్తున్నాను. మీరు మూడు విషయాలు చెప్పారు. ఆల్జీబ్రా 2 హోంవర్క్‌లన్నిట్లో అమ్మాయికి దాదాపు పూర్తి మార్కులు వస్తున్నాయి, యూనిట్ టెస్ట్‌లో మాత్రం 68 వచ్చింది. అనుమానం వచ్చి ఫోన్ చూస్తే గ్యాలరీ నిండా లెక్కల ఫొటోలు ఉన్నాయి. నిలదీస్తే "ట్యూషన్ అంకులే చెక్ చేసుకోమన్నారు" అంది. చివర్లో మీరడిగిన ప్రశ్న: "మా పిల్ల దొంగతనంగా చదువుతోందా? ఆ యాప్ తీసేయించాలా?"

ముందు నా వంతు తప్పు ఒప్పుకుంటాను. సెప్టెంబర్‌లో ఆ మాట అన్నది నేనే. రోజూ నేను పక్కన ఉండను కాబట్టి, చేసిన లెక్క సరైందో కాదో ఫొటో తీసి చూసుకోవచ్చని చెప్పాను. ఎప్పుడు తీయాలో, తీశాక ఏం చేయాలో చెప్పలేదు. ఆ మాట చెప్పకపోతే తక్కిన సలహాకు విలువ లేదని ఇప్పుడు అర్థమవుతోంది. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

ఫొటోలో ఏముందో చూడండి

మీరు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ ఒక్కొక్కటిగా చూశాను. మీరు వాటిని లెక్కపెట్టారు, నేను వాటిలో పెన్సిల్ గీతల కోసం వెతికాను. కొన్ని ఫొటోల్లో అచ్చు ప్రశ్న కింద అమ్మాయి చేసిన లెక్క ఉంది, కొట్టివేతలతో సహా. చాలావాటిలో అచ్చు ప్రశ్న ఒక్కటే ఉంది, కింద కాగితం ఖాళీ. మొదటి రకం ఫొటో తీసినప్పుడు అమ్మాయి సరిచూసుకుంటోంది. రెండో రకం తీసినప్పుడు ఎక్కించుకుంటోంది. యాప్ ఒకటే, వేలు ఒకటే, పని మాత్రం వేరు.

ఫొటోల మీద టైమ్ కూడా చూడండి. ఒక రోజు రాత్రి ఎనిమిదిన్నర నుంచి రెండు మూడు నిమిషాలకొకటి చొప్పున వరసగా ఉన్నాయి. పన్నెండు లెక్కలు ఉన్న పేజీని తనంతట తాను చేసే పిల్ల అలా గడియారం కొట్టినట్టు ముందుకు వెళ్లదు. ఒకటి అర నిమిషంలో అయిపోతుంది, ఇంకొకటి పావుగంట తింటుంది. మొత్తం పేజీ అయ్యాక ఒకేసారి నాలుగైదు ఫొటోలు కనిపిస్తే అది సరిచూసుకోవడం.

మన కాలంలో పుస్తకం వెనక పేజీల్లో జవాబులుండేవి. మా లెక్కల మాస్టారు ఆ పేజీలు చింపేయమనలేదు. అందులో జవాబు ఒక్కటే ఉండేది: 9 అని. మనకు 11 వస్తే ఎక్కడ తప్పామో మనమే వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలోనే లెక్క వచ్చేది. ఇప్పుడు ఫోన్ జవాబుతో పాటు వరసగా స్టెప్పులన్నీ ఇస్తుంది. తప్పు వెతికే పని కూడా అదే చేసేస్తుంది. వెనక పేజీకీ ఫొటోకీ తేడా అక్కడుంది. ఫొటోను మళ్లీ వెనక పేజీలా వాడుకోగలిగితే నాకు అభ్యంతరం లేదు.

ఒక్క లెక్కలో మొత్తం కథ

68 ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి ఆదివారం అమ్మాయితో కూర్చుని టెస్ట్ పేపర్, హోంవర్క్ పక్కపక్కన పెట్టాను. ఒక్క లెక్క దగ్గర సంగతంతా బయటపడింది. మీరిద్దరూ ఇంజనీర్లే కాబట్టి లెక్కతోనే చెబుతాను.

హోంవర్క్‌లో ఇచ్చింది:

√(x + 7) = x − 5

రెండు వైపులా వర్గం చేస్తే x + 7 = x² − 10x + 25 వస్తుంది. సర్దితే x² − 11x + 18 = 0. దీనికి x = 2, x = 9 అని రెండు జవాబులు. అసలు సమీకరణంలో వేసి చూస్తే, 9 దగ్గర ఎడమ వైపు √16 అంటే 4, కుడి వైపు కూడా 4. సరిపోయింది. 2 దగ్గర ఎడమ వైపు √9 అంటే 3, కుడి వైపు −3. సరిపోలేదు. కాబట్టి జవాబు 9 ఒక్కటే. 2ను క్లాసులో ఎక్స్‌ట్రేనియస్ రూట్ అంటారు, అంటే మధ్యలో మనం చేసిన పని వల్ల పుట్టి, అసలు ప్రశ్నకు చెల్లని జవాబు.

అమ్మాయి హోంవర్క్‌లో ఇదంతా చక్కగా ఉంది. చివర్లో "2 ఎక్స్‌ట్రేనియస్" అని కూడా రాసి, చుట్టూ డబ్బా గీసింది. పూర్తి మార్కులు. టెస్ట్‌లో వచ్చింది ఇది:

√(x + 7) = 5 − x

కుడి వైపు తిరగబడింది, అంతే. వర్గం చేస్తే అదే వర్గ సమీకరణం, అవే 2, 9. అమ్మాయి అవలీలగా అక్కడిదాకా వచ్చి "x = 9, 2 ఎక్స్‌ట్రేనియస్" అని రాసింది. ఇక్కడ 9 వేస్తే ఎడమ 4, కుడి −4. చెల్లదు. 2 వేస్తే ఎడమ 3, కుడి 3. అంటే జవాబు 2, పారేయాల్సింది 9. సరిగ్గా తలకిందులు.

ఎందుకలా రాశావని అడిగితే నిజాయితీగా చెప్పింది: "ఎప్పుడూ చిన్నదే పోతుంది కదా అంకుల్." హోంవర్క్‌లో నాలుగైదు లెక్కల్లో చిన్న జవాబు చెల్లకుండా పోయింది. యాప్ స్టెప్పులు చూసి ఎక్కించుకుంటున్నప్పుడు అమ్మాయి బుర్ర ఖాళీగా లేదు, ఒక సూత్రం తయారుచేసుకుంది. కాకపోతే అది తప్పు సూత్రం. చేతితో వేసి చూసి ఉంటే ఆ సూత్రం మొదటి రోజే విరిగిపోయేది. యాప్ ఆ వేసి చూసే స్టెప్ తానే చేసి పెట్టడంతో విరగకుండా టెస్ట్ దాకా వచ్చింది.

అసలు కారణం చిన్నది. √ గుర్తు ఎప్పుడూ సున్నా లేదా అంతకన్నా పెద్ద విలువే ఇస్తుంది. కాబట్టి కుడి వైపు కూడా రుణాత్మకం కాకూడదు. మొదటి లెక్కలో x − 5 సున్నాకు తగ్గకూడదంటే x కనీసం 5 ఉండాలి, అందుకే 9 నిలిచింది. రెండో దాంట్లో 5 − x సున్నాకు తగ్గకూడదంటే x 5 దాటకూడదు, అందుకే 2 నిలిచింది. వర్గం చేయగానే x − 5కూ 5 − xకూ ఉన్న తేడా చెరిగిపోతుంది, రెండిటి వర్గమూ ఒకటే. ఆ చెరిగిన సమాచారాన్ని మనం చివర్లో తిరిగి తెచ్చుకోవాలి. ఈ మాట అమ్మాయికి పది నిమిషాల్లో అర్థమైంది. తెలివికి లోటు లేదు, ఆ పది నిమిషాలు తను ఇంతకు ముందు ఈ లెక్క మీద గడపలేదు.

ఫోన్ కూడా తప్పు చదువుతుంది

అదే రోజు ఇంకో సంగతి జరిగింది. మొదటి లెక్కను ఫోన్ చూడకుండా మళ్లీ చేయమన్నాను. చేసింది, 9 వచ్చింది. ఇప్పుడు నువ్వు రాసిన దాన్ని ఫొటో తీసి చూసుకో అన్నాను. యాప్ 16 అంది. అమ్మాయి క్షణం కూడా ఆగకుండా ఎరేజర్ తీసుకుంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

యాప్ లెక్క తప్పు చేయలేదు. అమ్మాయి వర్గమూలం గుర్తు పై గీతను x మీదే ఆపేసింది, 7 దాకా లాగలేదు. అందుకని యాప్ దాన్ని √x + 7 = x − 5 అని చదువుకుంది. ఆ సమీకరణానికి 16 సరైన జవాబే: √16 + 7 అంటే 11, 16 − 5 కూడా 11. తనకిచ్చిన ప్రశ్నకు సరిగ్గానే జవాబిచ్చింది, ప్రశ్నే మారిపోయింది.

ఇలాంటివి నేను తరచూ చూస్తుంటాను. పైన చిన్నగా రాసిన ఘాతం పక్కకు జారి మామూలు అంకె అయిపోతుంది. మైనస్ గీత పేజీ గీతలో కలిసిపోతుంది. z రాస్తే 2 అవుతుంది. అందుకే చాలా యాప్‌లలో ఫొటో పైన, అది చదువుకున్న సమీకరణం అచ్చులో కనిపిస్తుంది. పిల్లలు దాన్ని దాటేసి కిందికి జవాబు దగ్గరికి పోతారు. ముందు ఆ అచ్చు వరసను పుస్తకంలో ఉన్న ప్రశ్నతో పోల్చుకోవాలి. అది సరిపోకపోతే కింద ఉన్నదంతా వేరేవాళ్ల లెక్క.

ఇంకో రకం గందరగోళం కూడా ఉంది. అమ్మాయి 1/√2 అని రాస్తే యాప్ √2/2 అంటుంది. రెండూ ఒకటే. అది తెలియక సరైన జవాబు చెరిపేసుకునే పిల్లలు ఉన్నారు. అనుమానం వస్తే రెండిటినీ క్యాలిక్యులేటర్‌లో వేసి దశాంశాల్లో చూసుకోమనండి. ఇక మాటల్లో ఇచ్చిన లెక్కలు, బొమ్మ చూసి చేయాల్సినవి, "ఎందుకో వివరించు" అని అడిగేవి ఫొటోతో సరిచూసుకోవడానికి నమ్మకమైనవి కావు. అవి పక్కన గుర్తు పెట్టుకుని నాకో, టీచర్‌కో చూపించమనండి.

పరీక్షలో దేనికి మార్కులు

మీవారు "ఎలాగూ సాట్‌లో క్యాలిక్యులేటర్ ఇస్తున్నారు కదా, ఇదంతా ఎందుకు" అన్నారని రాశారు. అందులో సగం నిజం ఉంది. ఇప్పుడు సాట్ కంప్యూటర్ మీదే జరుగుతుంది, లెక్కల భాగం 44 ప్రశ్నలు, 70 నిమిషాలు, డెస్మాస్ గ్రాఫ్ క్యాలిక్యులేటర్ తెర మీదే ఉంటుంది. y = √(x + 7), y = x − 5 రెండూ గీసి అవి కలిసే చోటు చూస్తే 9 అని కనిపిస్తుంది. అది అనుమతించిన పనే, నేనే నేర్పిస్తాను. ఫోన్ మాత్రం అక్కడికి రాదు.

కానీ అమ్మాయి ఇంకో రెండేళ్లలో ఏపీ క్యాల్క్యులస్ రాస్తానంటోంది. అక్కడ సగం మార్కులు విడమరిచి రాసే ఆరు ప్రశ్నలకు. ఒక్కోదానికి 9 పాయింట్లు, ఆరింట్లో నాలుగు క్యాలిక్యులేటర్ లేకుండా చేయాలి. 2025 నుంచి ఆ పరీక్షలో మల్టిపుల్ చాయిస్ తెర మీదికి వెళ్లినా, ఈ ఆరు ప్రశ్నల జవాబులు కాగితం బుక్‌లెట్‌లో చేత్తోనే రాయాలి. చేసిన పని చూపించకుండా జవాబు మాత్రం రాస్తే మామూలుగా మార్కు రాదు. మధ్యలో చిన్న తప్పు చేసినా పద్ధతి సరిగ్గా చూపించిన వాళ్లకు కొన్ని పాయింట్లు దక్కుతాయి. అంటే ఫొటో యాప్ ఏ పనిని మన పిల్లల చేతుల్లోంచి తీసుకుంటోందో, సరిగ్గా ఆ పనికే అక్కడ మార్కులు. అందుకే ఇప్పుడు 68 రావడం నాకు భయం కలిగించలేదు. రెండేళ్ల తర్వాత బయటపడాల్సింది ఇప్పుడే బయటపడింది.

ఇంట్లో పాటించాల్సిన వరస

యాప్ తీసేయించకండి. తీసేయిస్తే స్నేహితురాలి ఫోన్‌లో చూస్తుంది, మీకు తెలియదు, నాకూ తెలియదు. దానికి బదులు ఆదివారం నేనూ అమ్మాయీ ఒక వరస రాసుకున్నాం. మీరు చూడాల్సింది అది జరుగుతోందా లేదా అన్నదే.

మొదట పేజీ మొత్తం పూర్తి కావాలి. ఆ సేపు ఫోన్ వంటింట్లో ఉంటుంది. రాని లెక్క ఉంటే ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ ఆపి వదిలేయాలి, ఖాళీగా మాత్రం వదలకూడదు. ప్రతి జవాబు పక్కన నమ్మకం ఉంటే టిక్, లేకపోతే ప్రశ్నార్థకం పెట్టాలి. ఈ గుర్తు ఫోన్ ముట్టుకోక ముందే పెట్టాలి. టిక్ పెట్టిన లెక్క తప్పయితే అది నాకు చాలా ముఖ్యమైన సమాచారం. "చిన్నదే పోతుంది" లాంటి తప్పు సూత్రాలు అక్కడే దొరుకుతాయి.

రెండోది, సమీకరణమైతే ముందు వెనక్కి వేసి చూడాలి. పైన 9నూ 2నూ వేసి చూసినట్టు. దీనికి ఏ యాప్ అక్కర్లేదు, పరీక్ష హాల్లో కూడా పనికొచ్చే సరిచూపు ఇదొక్కటే.

ఆ తర్వాతే ఫోన్. తను చేసిన లెక్కతో సహా ఫొటో కనిపించాలి. యాప్ చదువుకున్న వరస పోల్చుకోవాలి, తర్వాత చివరి జవాబు ఒక్కటే చూడాలి. స్టెప్పులు తెరవకూడదు. జవాబు కలిస్తే తర్వాతి లెక్క.

కలవకపోతే ఫోన్ బోర్లా పెట్టి పది నిమిషాలు తన తప్పు తనే వెతకాలి. దొరక్కపోతే అప్పుడు స్టెప్పులు తెరిచి, తన లెక్కతో ఒక్కో వరస పోలుస్తూ మొదటిసారి తేడా వచ్చిన చోట ఆగిపోవాలి. ఆ కింది వరసలు చూడకుండా మూసేసి, అక్కణ్నుంచి తనే పూర్తి చేయాలి. ఆ దిద్దుబాటు ఎర్ర పెన్నుతో. పెన్సిల్ చెరపకూడదు.

చివరగా ఒక నోట్‌బుక్‌లో ఆ తప్పుకు కారణం ఒక్క వాక్యంలో రాయాలి. "కేర్‌లెస్ మిస్టేక్" అని రాస్తే నేను ఒప్పుకోను. "వర్గం చేశాక కుడి వైపు గుర్తు చూడలేదు" అని రాయాలి. రెండు రోజులు ఆగి అలాంటిదే ఇంకో లెక్క, అంకెలు మార్చి, ఫోన్ లేకుండా చేయాలి. అంకెలు మార్చడం మీరు కూడా చేయగలరు. √(2x + 3) = x అని ఇవ్వండి. 3, −1 వస్తాయి, 3 నిలుస్తుంది. తర్వాత √(2x + 3) = −x అని ఇవ్వండి. అవే రెండు వస్తాయి, ఈసారి −1 నిలుస్తుంది. రెండూ సరిగ్గా చేసి, ఎందుకో మీకు తెలుగులో చెప్పగలిగితే ఆ పాఠం అయిపోయినట్టే.

ఇది జరుగుతోందని తెలుసుకోవడానికి ఫోన్ తనిఖీ చేయక్కర్లేదు. హోంవర్క్ కాగితం చూడండి. కొట్టివేతలు, ప్రశ్నార్థకాలు, ఎర్ర పెన్ను కనిపిస్తే బాగానే నడుస్తోంది. ఏ మచ్చా లేకుండా తళతళలాడే పేజీ వస్తే అప్పుడు అనుమానించండి. ఇంకో గుర్తు, క్లాసులో చెప్పని పద్ధతి. టీచర్ ఇంకా కారణాంకాల దగ్గరే ఉంటే హోంవర్క్‌లో హఠాత్తుగా క్వాడ్రాటిక్ ఫార్ములా కనిపించడం లాంటిది. అప్పుడు తిట్టకుండా "ఈ వరస ఎలా వచ్చింది?" అని అడగండి చాలు. చేసిన పిల్ల చెబుతుంది.

ఒక్క హెచ్చరిక. ఇలా చేస్తే హోంవర్క్‌కు ఇప్పటికన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఒకటి రెండు వారాలు హోంవర్క్ మార్కులు తగ్గొచ్చు కూడా. పోర్టల్‌లో ఆ అంకె చూసి కంగారు పడకండి. హోంవర్క్‌కూ టెస్ట్‌కూ మధ్య ఉన్న దూరం తగ్గుతోందా అన్నది చూడండి.

రెండు ఫొటోల సంగతి

ఇక రాయడానికి మనసొప్పని విషయం. మీరు పంపిన వాటిలో రెండు ఫొటోలు హోంవర్క్‌వి కావు. పైన అచ్చులో ఉన్న సూచన మీరు గమనించారో లేదో, అది ఇంటికిచ్చిన టెస్ట్. నోట్స్ చూసుకోవచ్చు, ఇతరుల సాయం, ఇంటర్నెట్ వాడకూడదు అని రాసి ఉంది. దానికి మార్కులు గ్రేడ్‌లో కలుస్తాయి.

ఇప్పటిదాకా నేను చెప్పిన వరస అంతా ప్రాక్టీస్ కోసం ఇచ్చిన పనికి. ప్రాక్టీస్‌లో ఫోన్ ఎప్పుడు తీయాలన్నది మనం మాట్లాడుకుని తేల్చుకోవచ్చు. గ్రేడ్ ఇచ్చే పనిలో అది తేల్చేది టీచర్. ముందు తనే చేసి తర్వాత సరిచూసుకున్నా, వద్దన్న చోట ఫొటో తీస్తే అది కాపీయే. నా వరస దానికి అడ్డం రాదు. ఆ రెండు ఫొటోల్లో ఒకదాంట్లో అమ్మాయి లెక్క ఉంది, ఇంకోదాంట్లో లేదు. నా దృష్టిలో రెండూ ఒకటే.

మీవారు "టీచర్‌కు తెలియదు కదా, ఇకమీదట చేయకుండా చూద్దాం" అన్నారని రాశారు. ఒక తండ్రిగా ఆయన భయం నాకర్థమవుతుంది. రికార్డులో పడితే కాలేజీ అప్లికేషన్‌లో ఏమవుతుందోనని. కానీ ఆదివారం నేను ఆ ఫొటోలు చూపించినప్పుడు అమ్మాయి మొహం చూశాను. తనకు తెలుసు. మనకు తెలుసని కూడా ఇప్పుడు తెలుసు. మనం ముగ్గురం మాట్లాడకుండా ఊరుకుంటే, నేను పైన రాసిన నియమాలన్నీ పట్టుబడనంత వరకే అని అర్థం చేసుకుంటుంది.

నా సలహా ఇది. అమ్మాయే టీచర్ దగ్గరికి వెళ్లి చెప్పాలి. మీరు ఈమెయిల్ రాయకండి, నేనూ రాయను. రెండు ప్రశ్నలు ఫోన్‌లో చూశానని, వాటికి మార్కులు తీసేయమని, వీలైతే వేరే లెక్కలతో మళ్లీ రాస్తానని చెప్పాలి. టీచర్ ఏం చేస్తారో నేను హామీ ఇవ్వలేను. బడి నియమం ప్రకారం చర్య ఉండొచ్చు, ఆ టెస్ట్‌కు సున్నా పడొచ్చు. తనంతట తాను వచ్చి చెప్పిన పిల్లను, పట్టుబడిన పిల్లను ఒకేలా చూసే టీచర్లు తక్కువని మాత్రం నా అనుభవం. నిర్ణయం మీ ఇంటిది. మీరు వద్దంటే నేను ఒత్తిడి చేయను, కానీ నా అభిప్రాయం అమ్మాయి దగ్గర దాచను. అడిగితే ఇదే చెబుతాను.

మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు: దొంగతనంగా చదవట్లేదు. ఎక్కువగా చదవకుండానే దాటిపోతోంది, రెండు చోట్ల మాత్రం తప్పు చేసింది. మొదటి దానికి వరస మారిస్తే సరిపోతుంది. రెండో దానికి తను ఒక మాట చెప్పాలి.

వచ్చే ఆదివారం నాలుగింటికి రమ్మనండి. ఎర్ర పెన్ను, నోట్‌బుక్ తెచ్చుకోమనండి. ఫోన్ కూడా తెచ్చుకోమనండి, మొదటి గంట నా బల్ల సొరుగులో ఉంటుంది.

ఉంటాను.

ఈ ఉత్తరం పంపిన నాలుగో రోజు అమ్మాయి టీచర్‌తో మాట్లాడింది. ఆ టెస్ట్‌లో ఆ రెండు ప్రశ్నలకు సున్నా వేశారు, మళ్లీ రాసే అవకాశం ఇవ్వలేదు. తండ్రి నాతో రెండు వారాలు ముభావంగానే ఉన్నారు. తర్వాతి యూనిట్ టెస్ట్‌లో 81 వచ్చింది, హోంవర్క్ సగటు 98 నుంచి 88కి దిగింది. ఇంట్లో ఇప్పటికీ దీని మీద ఏకాభిప్రాయం లేదని ఆ తల్లే చెప్పారు. ఆదివారాలు నాలుగింటికి అమ్మాయి మాత్రం వస్తోంది, నోట్‌బుక్‌లో పదిహేడో పేజీ నడుస్తోంది.